ఒక టూర్ బిల్లు, రెండు లెక్కలు

టూర్ ముగించుకుని వచ్చిన సేల్స్ ఆఫీసర్ అకౌంట్స్ సెక్షన్‌లో ఇచ్చే కవర్ విప్పితే అందులో అన్నీ కలిసే ఉంటాయి. హోటల్ ఇచ్చిన పెద్ద బిల్లు, నాలుగు మడతలు పడిన టిఫిన్ బిల్లులు, పెట్రోల్ బంకు చీటీ, ఫోన్‌లోంచి ప్రింటు తీసిన ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, వీటన్నిటి మీద పిన్ను కొట్టిన క్లెయిమ్ ఫారం. ఫారంలో చివరి గడి మాత్రం స్పష్టంగా ఉంటుంది: మొత్తం ఇంత, దయచేసి చెల్లించగలరు. ఆ కవర్‌ను చెల్లించదగిన లెక్కగా మార్చేది అకౌంట్స్‌లో బిల్లులు పరిశీలించే మనిషి. ఆయనో ఆమెనో రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఏ పద్దు కింద ఎంత ఖర్చయింది? కంపెనీ నిబంధనల్లో ఏది, ఎక్కడ తప్పింది?

ఈ రెండూ ఒకే లెక్క అనుకోవడం దగ్గరే చాలా ఆఫీసుల్లో గొడవ మొదలవుతుంది. ఒక్కో రూపాయి ఒక్క పద్దులోకే వెళ్తుంది కాబట్టి పద్దుల మొత్తాలన్నీ కూడితే క్లెయిమ్ మొత్తం రావాలి. నిబంధనల సంగతి అలా కాదు. ఒకే బిల్లు రెండు మూడు నిబంధనలు తప్పవచ్చు. ఉల్లంఘనల ఎదురుగా ఉన్న అంకెలన్నీ కూడి క్లెయిమ్‌లోంచి తీసేస్తే ఉద్యోగికి న్యాయంగా రావాల్సిన డబ్బు కూడా పోతుంది. అది ఎలాగో ఒక క్లెయిమ్ మొదటి నుంచి చివరిదాకా చూస్తే తెలుస్తుంది.

ఊహించిన ఉదాహరణే అయినా ఇలాంటి క్లెయిములు ప్రతి నెలా ప్రతి అకౌంట్స్ సెక్షన్‌కూ వస్తాయి. హైదరాబాద్‌లోని ఒక విత్తనాల కంపెనీ సేల్స్ ఆఫీసర్ సొంత కారులో సోమవారం బయల్దేరి విజయవాడ వెళ్లాడు. మూడు రాత్రులు అక్కడే హోటల్లో ఉండి, మధ్యలో ఒకరోజు గుంటూరు వెళ్లి డీలర్లను కలిసి, గురువారం తిరిగొచ్చాడు. ఫారంలో ఆయన రాసుకున్నవి ఇవి: హోటల్ 8,874 రూపాయలు, భోజనాలు 1,640, కారుకు 680 కిలోమీటర్లు పది రూపాయల చొప్పున 6,800, పెట్రోల్ 2,500, టోల్ 560, పార్కింగ్ 120, బుధవారం రాత్రి డీలర్లతో విందు 2,360. మొత్తం 22,854 రూపాయలు.

ఫారం మీద రాసిన పేర్లను అలాగే నమ్మి పద్దులు వేస్తే పని పావుగంటలో అయిపోతుంది, తప్పుగా అయిపోతుంది. ముందు ఒక్కో బిల్లూ విప్పి చూడాలి.

హోటల్ బిల్లునే తీసుకుందాం. అది ఒక్క కాగితమే గాని అందులో మూడు రకాల ఖర్చులున్నాయి. గది అద్దె రాత్రికి 2,600 చొప్పున మూడు రాత్రులకు 7,800, దాని మీద 5 శాతం జీఎస్టీ 390. మంగళవారం రాత్రి గదికి తెప్పించుకున్న భోజనం పన్నుతో కలిపి 504. బట్టలు ఉతికించిన ఖర్చు 180. అన్నీ కలిపితే 8,874 సరిపోయింది. కానీ బసకు చెందింది 8,190 మాత్రమే. 504 భోజనం పద్దుకు వెళ్లాలి. 180 ఉద్యోగి సొంత ఖర్చు, ఎందుకంటే ఈ కంపెనీ పాలసీ వారం లోపు టూర్లకు లాండ్రీ ఇవ్వదు. కాబట్టి ఎక్సెల్ షీట్‌లో ఈ ఒక్క బిల్లు మూడు వరసలవుతుంది. మూడింటికీ బిల్లు నంబరు ఒకటే, పద్దులు వేరు. ఇలా విడగొట్టిన వరసల కూడిక మళ్లీ బిల్లు మీది మొత్తానికి టాలీ కావాలి. కాకపోతే ఎక్కడో ఒక పన్ను గడి వదిలేసినట్టే.

విడగొట్టేటప్పుడు తేదీ కూడా విడిగా చూడాలి. హోటల్ బిల్లు మీద ఉండేది ఖాళీ చేసిన తేదీ, అంటే గురువారం. భోజనం మంగళవారం రాత్రిది. ఆ 504 రూపాయల ఎదురుగా గురువారం తేదీ వేశారో, తర్వాత వచ్చే లెక్క మొత్తం పక్కదారి పడుతుంది.

భోజనం నిబంధన సంగతి చూస్తే ఇది అర్థమవుతుంది. ఈ కంపెనీలో రోజుకు 600 రూపాయల వరకు, బిల్లులు పెడితే, అసలు ఖర్చు ఇస్తారు. ఉద్యోగి విడిగా పెట్టిన భోజనం బిల్లులు సోమవారం 540, మంగళవారం 430, బుధవారం 280, గురువారం 390. నాలుగు రోజులకు పరిమితి 2,400. హోటల్ బిల్లులోంచి వచ్చిన 504 కలిపినా మొత్తం 2,144 దాటదు. పద్దు మొత్తం మాత్రమే చూసేవారికి ఇక్కడ ఏ లోపమూ కనిపించదు. కానీ నిబంధన నాలుగు రోజులకు కలిపి పెట్టింది కాదు, రోజుకు పెట్టింది. రోజులవారీగా కూడితే మంగళవారం 430, 504 కలిసి 934 అయింది. అంటే 334 రూపాయలు ఎక్కువ. అదే 504ను గురువారం కింద వేసి ఉంటే మంగళవారం శుభ్రంగా బయటపడేది, గురువారం 894 అయి 294 కోత పడేది. తప్పు రోజు మీద తప్పు మొత్తం కోసినట్టయ్యేది. ఉద్యోగి ‘గురువారం మధ్యాహ్నానికే బయల్దేరాను కదండీ’ అని అడిగితే అకౌంట్స్ దగ్గర జవాబు ఉండేది కాదు.

ప్రతి నిబంధనకూ తనదైన కొలత ఉంటుంది. బసకు రాత్రి, భోజనానికి రోజు, విందుకు బిల్లు, కారుకు కిలోమీటరు. పద్దుల మొత్తం వేయడానికి ముందే ఆ కొలత ప్రకారం కూడి చూడాలి. ఎక్సెల్‌లో ఇది పెద్ద పని కాదు. A కాలమ్‌లో ఉద్యోగి నంబరు, B లో ఖర్చు జరిగిన తేదీ, E లో పద్దు, F లో మొత్తం ఉన్నాయనుకుంటే ఒక రోజు భోజనం మొత్తం ఇలా వస్తుంది:

```
=SUMIFS(F:F,A:A,A2,B:B,B2,E:E,"భోజనం")
```

ఈ ఫార్ములా తేదీని నమ్ముతుంది కాబట్టి తేదీ సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోవాలి. కంప్యూటర్ అమెరికా పద్ధతి సెట్టింగులో ఉంటే 05/03 అని కొట్టిన మార్చి ఐదు, మే మూడుగా మారిపోతుంది. 13/03 అని కొడితే అసలు తేదీగానే తీసుకోదు, మామూలు అక్షరాల్లా గడిలో ఎడమవైపు ఒదిగి కూర్చుంటుంది. తేదీల కాలమ్‌లో కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు కనిపిస్తున్నాయంటే ముందు అది సరిచేయాలి. కూడికలు ఆ తర్వాతే.

బస దగ్గర పరిమితి రాత్రికి 2,500, పన్ను కాకుండా. ఈయన గది 2,600. రాత్రికి వంద చొప్పున మూడు వందలు ఎక్కువ, ఆ మూడు వందల మీద పడిన పన్ను 15. కోత 315. పరిమితి పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది పాలసీలో రాసి ఉండకపోతే ఈ లెక్క ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా వస్తుంది. పన్నుతో కలిపి 2,500 అయితే ఇదే గదికి రాత్రికి 2,730 పడింది కాబట్టి కోత 690 అయ్యేది. ఒక్క మాట లేకపోవడం వల్ల ఒక్క క్లెయిమ్‌లోనే 375 రూపాయల తేడా.

హోటల్ బిల్లు మీది జీఎస్టీ గురించి తెలుగు రాష్ట్రాల కంపెనీలు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఏ జీఎస్టీ నంబరుకైనా మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. గది ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానికి చెందుతుంది కాబట్టి విజయవాడ హోటల్ కేంద్ర పన్నుతో పాటు ఆంధ్రప్రదేశ్ పన్ను వేస్తుంది. 36తో మొదలయ్యే నంబరు మాత్రమే ఉన్న హైదరాబాద్ కంపెనీ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోలేదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు ఇన్‌పుట్ క్రెడిట్ లేని 5 శాతం రేటు అమల్లో ఉంది. కాబట్టి ఇక్కడ 390 రూపాయల పన్ను కూడా ఖర్చే, బస పద్దులోనే ఉండాలి. దాన్ని విడిగా పన్ను ఖాతాలో వేస్తే ఎప్పటికీ రాని డబ్బు పుస్తకాల్లో వచ్చేదిగా కనిపిస్తూ ఉంటుంది.

ఇక కారు. హైదరాబాద్ నుంచి విజయవాడకు జాతీయ రహదారి 65 మీద సుమారు 275 కిలోమీటర్లు. రానూపోనూ 550, గుంటూరుకు రానూపోనూ 70, ఊళ్లో తిరిగింది 60. మొత్తం 680 కిలోమీటర్లు, నమ్మదగిన అంకే. దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు వస్తాయి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ప్లాజా పేరు, తేదీ, సమయం అన్నీ ఉంటాయి. అందుకే పరిశీలించేవాళ్లకు అది టోల్ రసీదుగా కన్నా టూర్ తేదీలకు సాక్ష్యంగా ఎక్కువ పనికొస్తుంది. సోమవారం పొద్దున వెళ్లేటప్పుడు మూడు, గురువారం సాయంత్రం వచ్చేటప్పుడు మూడు ఉన్నాయా? ఉంటే ప్రయాణం జరిగింది, తేదీలు కుదిరాయి. ఎవరైనా గురువారమే ఇల్లు చేరి శుక్రవారం కూడా టూర్లోనే ఉన్నట్టు భోజనం రాస్తే పట్టించేది ఈ కాగితమే.

పెట్రోల్ బిల్లు 2,500 దగ్గర రెండు నిబంధనలు తప్పాయి. కిలోమీటరుకు పది రూపాయలు అన్న రేటులో పెట్రోలు, కారు అరుగుదల అన్నీ కలిసే ఉన్నాయి. ఆ రేటు తీసుకుంటూ పెట్రోల్ బిల్లు కూడా పెడితే ఒకే ఖర్చు రెండుసార్లు అడిగినట్టు. పైగా బిల్లు తేదీ ఆదివారం, టూర్ మొదలవడానికి ముందు రోజు. రెండో తప్పు ఒంటరిగా వచ్చి ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. సోమవారం తెల్లవారుజామున బయల్దేరేవాడు ఆదివారం సాయంత్రమే ట్యాంకు నింపుకుంటాడు, అందులో మోసమేమీ లేదు. పెట్రోల్ అసలు ఖర్చు ఇచ్చే కంపెనీ అయితే ఆ బిల్లును ఒప్పుకోవడమే సబబు. కానీ ఇక్కడ మొదటి తప్పు వల్లనే 2,500 పూర్తిగా పోతుంది. రెండో తప్పు కాగితం మీద నమోదవుతుందే తప్ప దాని వల్ల ఇంకో రూపాయి తగ్గదు.

బుధవారం రాత్రి విందు బిల్లును దగ్గరగా చూడాలి. వంటకాల వివరాలున్న పొడవాటి కాగితం లేదు. మొత్తం 2,360, అందులో జీఎస్టీ 80 అని మాత్రమే ఉన్న చిన్న చీటీ పెట్టాడు. ఈ రెండు అంకెలతోనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రెస్టారెంట్ జీఎస్టీ 5 శాతం. పన్ను తీసేస్తే మిగిలేది 2,280. అంతా భోజనమే అయితే పన్ను 114 ఉండాలి. 80 మాత్రమే ఉందంటే పన్ను పడింది 1,600 మీదే. మిగతా 680 జీఎస్టీ పడని సరుకు. రెస్టారెంట్ బల్ల మీద జీఎస్టీ పడనిది దాదాపు ఎప్పుడూ మద్యమే, ఎందుకంటే తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. ఇది అనుమానం మాత్రమే, రుజువు కాదు. వివరమైన బిల్లు తెప్పించి చూశాకే 680 కోత రాయాలి. తెప్పిస్తే అలాగే తేలిందనుకుందాం.

అదే బిల్లులో మరో లోపముంది. డీలర్లకు ఆతిథ్యం ఇస్తే వచ్చినవారి పేర్లు, ఏ సంస్థవారో రాయాలన్నది నిబంధన. ఫారంలో ‘డీలర్ల డిన్నర్’ అని మాత్రమే ఉంది. దీనికి కోత పెట్టేయడం తొందరపాటు. పేర్లు రాయడం మర్చిపోయిన విందు, అసలు జరగని విందు ఒకటి కాదు. ఫోన్ చేస్తే తేలిపోతుంది.

‘సార్, బుధవారం రాత్రి బిల్లులో వచ్చినవాళ్ల పేర్లు లేవండీ. ఎవరెవరు వచ్చారో మెయిల్‌లో పెడితే క్లియర్ చేస్తాం.’

‘ఇద్దరు గుంటూరు డీలర్లమ్మా, నేనూ. రేపు ఆఫీసుకు రాగానే పంపిస్తాను.’

ఆ మెయిల్ వచ్చేదాకా విందులోని భోజనం భాగం, అంటే 1,680, పెండింగ్‌లో ఉంటుంది. మంజూరు, కోత, పెండింగ్ అనే మూడు గడులూ వేర్వేరుగా ఉంచడం పరిశీలనలో చాలా ముఖ్యం. పెండింగ్‌ను కోతలో కలిపేస్తే ఉద్యోగి మీద అకారణంగా మచ్చ పడుతుంది. మంజూరులో కలిపేస్తే తర్వాత అడిగే దారి ఉండదు.

పార్కింగ్ 120కి బిల్లు లేదు. రెండు వందల లోపు చిల్లర ఖర్చుకు ఉద్యోగి సొంతంగా సంతకం చేసిన వోచర్ చాలని పాలసీలో ఉంది, వోచర్ ఉంది, అంతే.

ఇప్పుడు పద్దుల లెక్క వేయవచ్చు. ఫారం మీద ఉద్యోగి వేసిన ఏడు పేర్లు పోయి ఐదు పద్దులు మిగిలాయి.

| పద్దు | క్లెయిమ్ | కోత | పెండింగ్ | మంజూరు |
|---|---|---|---|---|
| బస | 8,190 | 315 | 0 | 7,875 |
| భోజనం | 2,144 | 334 | 0 | 1,810 |
| ప్రయాణం | 9,980 | 2,500 | 0 | 7,480 |
| ఆతిథ్యం | 2,360 | 680 | 1,680 | 0 |
| సొంత ఖర్చు | 180 | 180 | 0 | 0 |
| మొత్తం | 22,854 | 4,009 | 1,680 | 17,165 |

మొదటి కాలమ్ మొత్తం ఉద్యోగి ఫారం మొత్తంతో టాలీ అయింది. చివరి మూడు కాలమ్‌ల మొత్తాలు కలిపినా అదే 22,854. ఈ రెండూ కుదిరాకే కాగితం ముందుకు కదలాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా ఎక్కడో ఒక వరస రెండుసార్లు పడిందో, పడకుండా పోయిందో అని అర్థం.

రెండో కాగితం ఉల్లంఘనలది. అందులో ఏడున్నాయి. గది అద్దె పరిమితి దాటింది 315. మంగళవారం భోజనం దాటింది 334. లాండ్రీ 180. కిలోమీటరు రేటుతో పాటు పెట్రోల్ 2,500. టూర్‌కు ముందు తేదీ పెట్రోల్ బిల్లు 2,500. మద్యం 680. అతిథుల పేర్లు లేని విందు 2,360. వీటి ఎదురుగా ఉన్న అంకెలు కూడితే 8,869 వస్తుంది. పద్దుల పట్టికలో కోత, పెండింగ్ కలిపినా 5,689 మాత్రమే. 3,180 తేడా. పెట్రోల్ 2,500 రెండు నిబంధనల కింద రెండుసార్లు వచ్చింది, మద్యం 680 విడిగా ఒకసారి, పేర్లు లేని విందులో మరోసారి వచ్చింది. తేడా ఆ రెండింటిదే. ఎవరైనా 22,854లోంచి 8,869 తీసేసి 13,985 చెల్లిస్తే, ఆ ఉద్యోగికి పెండింగ్ తేలకముందే 3,180 రూపాయలు అన్యాయంగా తక్కువ ఇచ్చినట్టు.

అందుకే ఉల్లంఘనల కాగితం అడుగున మొత్తం వేయకపోవడమే మంచిది. అక్కడ ఉండాల్సింది బిల్లు నంబరు, తప్పిన నిబంధన నంబరు, ఒక వాక్యంలో కారణం, దాని వల్ల ఏమైందన్న మాట: కోత, పెండింగ్, లేదా నమోదు మాత్రమే. కారణం వాక్యం కూడా లెక్క చూపించాలి. ‘భోజనం ఎక్కువ’ అని రాస్తే ఉద్యోగి ఫోన్ చేస్తాడు. ‘మంగళవారం 430, హోటల్ బిల్లులోని 504 కలిపి 934, పరిమితి 600, కోత 334’ అని రాస్తే చదువుకుని ఊరుకుంటాడు, లేదా సరైన చోట ప్రశ్నిస్తాడు. మేనేజర్ ముందే అనుమతించిన ఖర్చులు కూడా ఈ కాగితంలో ఉండాలి. విజయవాడలో ఆ వారం గదులు దొరక్క మేనేజర్ మెయిల్‌లో 2,600కు ఒప్పుకుని ఉంటే కోత సున్నా అవుతుంది. నిబంధన దాటిన మాట మాత్రం నిజమే. అది రాసి ఉంచితేనే ఏడాది చివర ‘విజయవాడలో 2,500కు గది దొరకడం లేదు, పరిమితి పెంచాలి’ అని ఎవరైనా ఆధారంతో చెప్పగలుగుతారు.

ఇంతవరకు చూసినవన్నీ ఒక్క క్లెయిమ్ లోపలే కనిపించే తప్పులు. పక్క క్లెయిములతో పోల్చితే తప్ప కనిపించనివి వేరే ఉన్నాయి. ఆర్థిక మోసాల పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్‌ఈ ఖర్చుల క్లెయిముల్లోని మోసాలను నాలుగు రకాలుగా విడదీస్తుంది. సొంత ఖర్చును ఆఫీసు ఖర్చుగా చూపడం, ఖర్చును పెంచి చూపడం, జరగని ఖర్చు సృష్టించడం, ఒకే ఖర్చును పలుమార్లు అడగడం. చివరిది పాత క్లెయిములు ముందు పెట్టుకుంటే గాని దొరకదు. ఒకే విందుకు ఇద్దరు సహోద్యోగులు ఒకరు బిల్లు, ఇంకొకరు కార్డు స్లిప్ పెట్టి అడగడం అందులో మామూలుగా జరిగేది. అందుకే యూపీఐ స్క్రీన్‌షాట్‌ను, కార్డు స్లిప్‌ను బిల్లుగా ఒప్పుకోకూడదు. అవి డబ్బు ఎవరు కట్టారో చెబుతాయి, దేనికి కట్టారో చెప్పవు. రెండూ జతగా ఉంటేనే లెక్క.

ఒకే బిల్లు రెండోసారి వచ్చిందా అని చూడటానికి మామూలుగా వాడేది ఇది. C లో దుకాణం జీఎస్టీ నంబరు, D లో బిల్లు నంబరు, F లో మొత్తం:

```
=COUNTIFS(C:C,C2,D:D,D2,F:F,F2)
```

జవాబు ఒకటి కన్నా ఎక్కువ వస్తే ఆ వరస ఎర్రగా కనిపించేలా పెట్టుకుంటారు. ఇది పట్టేది బిల్లు నంబరు ఒకేలా కొట్టినప్పుడే. బిల్లు మీద `VJ/0471/25-26` అని ఉంటే ఒకరు పూర్తిగా కొడతారు, ఇంకొకరు `471` అని కొడతారు. ఫార్ములా దృష్టిలో అవి రెండు వేర్వేరు బిల్లులు. అందుకని తేదీ, మొత్తం మాత్రమే పోల్చే రెండో పరీక్ష కూడా పెట్టాలి. అది తప్పుడు హెచ్చరికలు ఎక్కువ ఇస్తుంది. ఒకే హోటల్లో ఒకే పొద్దున ఇద్దరు ఉద్యోగులు చెరో 80 రూపాయల దోసె తింటే అవి కూడా ఎర్రబడతాయి. కాబట్టి ఎర్రబడిన ప్రతిదాన్నీ ఉల్లంఘనల కాగితం మీదికి ఎక్కించకుండా ముందు బిల్లు ఫొటో తెరిచి చూడాలి. ఇక్కడ యంత్రం పని చూపించడం వరకే. రెండు బిల్లులా, ఒకటే బిల్లా అని తేల్చేది కళ్లే.

బిల్లు మీది జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలు. రాష్ట్రం కోడ్ తర్వాత వచ్చే పది ఆ వ్యాపారి పాన్ నంబరు. పాన్‌లో నాలుగో అక్షరం ఎవరిదో చెబుతుంది: వ్యక్తి అయితే `P`, కంపెనీ అయితే `C`, భాగస్వామ్య సంస్థ అయితే `F`. అంటే జీఎస్టీ నంబరులో ఆరో అక్షరం చూడాలి. బిల్లు నెత్తిన ప్రైవేట్ లిమిటెడ్ అని ఉండి ఆరో అక్షరం `P` అయితే ఆగి చూడాల్సిందే. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే నంబరు కొట్టి పేరు, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో రద్దయిందో చూసుకోవచ్చు. అలాగే పెట్రోలు జీఎస్టీ పరిధిలో లేదు. పెట్రోల్ బిల్లు మీద జీఎస్టీ వేసి ఉంటే అది బంకులో ఇచ్చిన బిల్లు కాకపోవచ్చు. అసలు బిల్లులో లీటర్లు, లీటరు రేటు ఉంటాయి, రెండూ గుణిస్తే మొత్తం రావాలి.

ఈ పరీక్షలన్నీ బిల్లు చదవగలిగితేనే. బంకుల్లో, హోటళ్లలో ఇచ్చే థర్మల్ కాగితం మీద అక్షరాలు సిరాతో పడవు, వేడికి కాగితం నల్లబడి పడతాయి. కారు డాష్‌బోర్డు మీద ఎండకు వదిలేస్తే కాగితం అంతా నల్లబడుతుంది, నెలలు గడిస్తే అక్షరాలు వెలిసిపోతాయి. బిల్లు చేతికొచ్చిన రోజే నంబరు, తేదీ, మొత్తం కనిపించేలా ఫొటో తీసి పెట్టమని టూర్లకు వెళ్లేవారికి చెప్పడం అకౌంట్స్ పనిని సగం తగ్గిస్తుంది.

ఎంత జాగ్రత్తగా చేసినా కాగితం చెప్పలేనివి కొన్ని మిగులుతాయి. విందుకు ఇద్దరు డీలర్లు నిజంగా వచ్చారా, ఊళ్లో తిరిగిన 60 కిలోమీటర్లు కంపెనీ పని మీదేనా అన్నవి బిల్లుల్లో కనిపించవు. వాటికి జవాబు చెప్పాల్సింది ఆ ఉద్యోగి పని తెలిసిన మేనేజర్. అకౌంట్స్ పరిశీలన ‘సరే’ అన్నదంటే బిల్లు ఉంది, లెక్క కుదిరింది, నిబంధన దాటలేదు అని మాత్రమే. ఖర్చు అవసరమైందని కాదు. మేనేజర్ సంతకం ‘సరే’ అన్నదంటే పని జరిగింది అని, నిబంధన దాటలేదని కాదు. ఈ రెండు సంతకాలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి కళ్లు మూసుకుంటే ఏదీ పరిశీలించినట్టు కాదు.

మర్నాడు అతిథుల పేర్లతో మెయిల్ వచ్చిందనుకుందాం. 1,680 విడుదల చేయాలి. చాలాచోట్ల ఉద్యోగిని ఆ బిల్లు వచ్చే నెల క్లెయిమ్‌లో మళ్లీ పెట్టమంటారు. అలా చేస్తే అదే బిల్లు నంబరు, అదే మొత్తం రెండోసారి షీట్‌లోకి వస్తుంది, రెండుసార్లు అడిగిన బిల్లుగా ఎర్రబడుతుంది. ఏం తప్పూ చేయని మనిషి ఉల్లంఘనల కాగితంలో మళ్లీ కనిపిస్తాడు. పైగా మద్యం 680 కోసేశాక కూడా 2,360 మొత్తం మళ్లీ అడిగినట్టవుతుంది. కాబట్టి పాత క్లెయిమ్ నంబరు కిందే ఆ వరస తెరిచి పెండింగ్‌లోంచి 1,680 తీసి మంజూరులో వేయాలి, మెయిల్ ప్రింటును బిల్లుకు జత చేయాలి. అప్పుడు మంజూరు 18,845, కోత 4,009, పెండింగ్ సున్నా. కలిపితే మళ్లీ 22,854.